చేతి లెక్క 8.91, సిమ్యులేషన్ 9.33: తేడా ఎక్కడుంది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఈసీఈ రెండో ఏడాది చదువుతున్నాను. ట్రాన్సిస్టర్ బయాస్ సర్క్యూట్‌కి కలెక్టర్ వోల్టేజ్ చేత్తో కడితే 8.91 వచ్చింది, స్పైస్‌లో 9.33 వస్తోంది. వైవా అంటేనే టెన్షన్‌గా ఉంది. సర్క్యూట్ డిజైన్ వైపు వెళ్లాలనుంది. తప్పు నాదా, సాఫ్ట్‌వేర్‌దా?

జవాబు: మీరు పంపిన ఫైల్ ఇదీ:

```
* bias
V1 vcc 0 12
R1 vcc b 47k
R2 b 0 10k
RC vcc c 2.2k
RE e 0 1k
Q1 c b e NPN1
.model NPN1 NPN(IS=1e-16 BF=100)
.op
.end
```

ఇద్దరిదీ తప్పు కాదు. మీ లెక్కలో రెండు ఊహలున్నాయి, స్పైస్ వాటిని ఒప్పుకోలేదు, అంతే.

ముందు `V(b)` చూడండి. 47k, 10k డివైడర్ ప్రకారం మీకు 2.105 వోల్టులు రావాలి. స్పైస్ 2.005 చూపిస్తుంది. ఆ 0.1 వోల్టు ఎటుపోయింది? బేస్ కరెంట్ డివైడర్‌ని లాగేసింది. మీరు దాన్ని సున్నా అనుకున్నారు. డివైడర్‌కి థెవెనిన్ రెసిస్టెన్స్ 8.25k, బీటా 100 పెట్టి మళ్లీ కట్టండి. కలెక్టర్ కరెంట్ 1.405 నుంచి 1.286 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది, వోల్టేజ్ 9.17 అవుతుంది. తేడాలో సగం కంటే ఎక్కువ ఇక్కడే తీరిపోయింది.

మిగిలిన 0.16 కోసం `V(b)` లోంచి `V(e)` తీసేయండి. 0.78 వస్తుంది. మీరు 0.7 వేశారు. స్పైస్‌లో బేస్-ఎమిటర్ వోల్టేజ్ స్థిరసంఖ్య కాదు. మోడల్‌లోని `IS`, పారే కరెంట్, ఉష్ణోగ్రత (ఏమీ చెప్పకపోతే 27 డిగ్రీలు) కలిసి దాన్ని తేలుస్తాయి. 0.7 బదులు 0.78 వేసి చూడండి, 9.33 దగ్గరే ఆగుతుంది. ఇక వైవాలో ఎవరడిగినా ఏ ఊహకి ఎంత తేడానో అంకెతో చెప్పగలరు.

అసలు ట్రాన్సిస్టర్ మోడల్ పెడితే జవాబు ఇంకోలా వస్తుంది, ఎందుకంటే బీటా మారుతుంది, ఎర్లీ ఎఫెక్ట్ కూడా తోడవుతుంది. బోర్డు మీద అమర్చాక మళ్లీ కొంచెం మారుతుంది. అందుకే సిమ్యులేషన్ అంకెను పరమసత్యం అనుకోకండి.

ఇలా కొద్ది శాతం తేడా వస్తే కారణం ఎక్కువగా మోడల్‌లో ఉంటుంది. వోల్టేజ్ ఏకంగా సున్నాకో 12కో అతుక్కుపోతే మాత్రం ఫైల్‌లో తప్పు వెతకండి. అందరూ పడేది `M` దగ్గర. స్పైస్‌కి పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒక్కటే, `1M` అంటే ఒక మిల్లీ ఓమ్. మెగా ఓమ్ కావాలంటే `1Meg` అని రాయాలి. రెండో అనుమానం ట్రాన్సిస్టర్ కాళ్ల వరుస: కలెక్టర్, బేస్, ఎమిటర్.

డిజైన్ ఉద్యోగం సంగతికొస్తే, అనలాగ్ ఇంటర్వ్యూల్లో ఇలాంటి చిన్న సర్క్యూట్ గీసి కాగితం మీదే కట్టమనడం మామూలే. కాబట్టి ప్రతి ల్యాబ్ రికార్డులో చేతి జవాబు, స్పైస్ జవాబు, తేడాకి కారణం పక్కపక్కనే రాసి పెట్టుకోండి. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లేటప్పుడు ఆ పేజీలు పట్టుకెళ్లండి.