ఒక్క శనివారంలో ఆరు షార్ట్స్ తీయాలంటే శుక్రవారం రాత్రే చూసుకోవాల్సినవి

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అమెరికా వచ్చి నాలుగు నెలలైంది, కొత్తగా వచ్చేవాళ్ల కోసం అపార్ట్‌మెంట్ విషయాల మీద షార్ట్స్ తీస్తున్నాడు. వారమంతా ఉద్యోగం కాబట్టి శనివారం ఆరు ఒకేసారి తీసేద్దామనుకుంటే మూడు కూడా పూర్తి కావట్లేదు అన్నా, ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నా అని గోల. నేను న్యూజెర్సీలో ఇదే పని చేసీ చేసీ తిన్న దెబ్బలు చాలా ఉన్నాయి, అవే చెప్తున్నా.

కెమెరా, ట్రైపాడ్, మైకు ఎవరూ మర్చిపోరు. మర్చిపోయేదల్లా చేతిలో పట్టుకుని చూపించాల్సిన వస్తువు. ఒకసారి లాండ్రీ మీద వీడియోకి చొక్కా మార్చి, ఫోన్ బిగించి, మెషిన్ ముందు నిలబడ్డాక చూస్తే ఇంట్లో క్వార్టర్ నాణేలు రెండే ఉన్నాయి, మెషిన్‌కి ఎనిమిది కావాలి, అప్పటికి బ్యాంకు మూసేశారు. అప్పట్నుంచి ఒక కాగితం మీద ఒక్కో షార్ట్‌కి ఒక్కో వరస రాసుకుంటున్నా: ఏ చొక్కా, ఎక్కడ నిలబడాలి, చేతిలో ఏముండాలి, ఆఖరి మాట ఏంటి. శుక్రవారం రాత్రి ఆ వస్తువులన్నీ ఒక్కో షార్ట్‌వి ఒక్కో కవర్లో వేసి టేబుల్ మీద వరసగా పెట్టేస్తా. క్వార్టర్ల కవరు, మెయిల్‌బాక్స్ తాళంచెవి ఉన్న కవరు, అలా. కవరు ఖాళీగా కనబడితే ఆ రాత్రే తెలిసిపోతుంది, షాపుకెళ్లే టైమూ ఉంటుంది.

తీసే వరస స్క్రిప్టు నంబర్ల ప్రకారం పెట్టుకోవద్దు, వెలుతురుని బట్టి పెట్టుకోండి. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం 4:30కే సూర్యుడు వెళ్లిపోతాడు, కాబట్టి కిటికీ దగ్గర తీసేవి పొద్దున్నే అయిపోవాలి. తాలింపు పెడితే స్మోక్ అలారం ఎందుకు మోగుతుందో చూపించే షార్ట్ మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. ముందే తీశారా, గదిలో పొగ, లెన్సు మీద నూనె తుంపర, మిగతా అయిదు వీడియోలూ మసకే. (అలారం విప్పేసి తీయకండి, దాన్ని తీసేయడం వేరే తలనొప్పి.)

ఇండియా నుంచి తెచ్చిన ఫోన్‌లో వీడియో సెకనుకి 25 ఫ్రేముల మీద పెట్టుకుని ఉంటే మార్చుకోండి. అక్కడ కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60, అందుకే కొన్ని లైట్ల కింద తీస్తే గోడ మీద నల్లటి చారలు మెల్లగా పాకుతుంటాయి. చిన్న స్క్రీన్ మీద అవి కనబడవు, లాప్‌టాప్‌లో ఎక్కించాక ఏడుపొస్తుంది. 30 ఫ్రేములు పెట్టి, మాన్యువల్ మోడ్ ఉంటే షట్టర్ 1/60 చేసి, రాత్రే ఆ లైట్ల కిందే అరనిమిషం మీరు మాట్లాడుతూ, మధ్యలో ఒకసారి మైకుని గోటితో గీసి తీయండి. ఆ ముక్కని ఇయర్‌ఫోన్స్‌తో వినండి, లాప్‌టాప్‌లోకీ పంపి చూడండి. వైర్‌లెస్ మైక్ రిసీవర్ సరిగ్గా గుచ్చుకోకపోతే ఫోన్ సొంత మైకే గొంతు తీసుకుంటుంది, మనకేమో తెలియదు. వినేటప్పుడు ఆ గోటితో గీసిన చోట చప్పుడు గట్టిగా వస్తే వైర్‌లెస్ మైకు పనిచేస్తున్నట్టే.

స్టోరేజీ లెక్క కూడా రాత్రే. ఐఫోన్‌లో 4కె, 30 ఫ్రేములకి నిమిషానికి దాదాపు 170 ఎంబీ. నిమిషం షార్ట్‌కి మీరు తప్పులతో కలిపి ఎనిమిది నిమిషాలు తీస్తారనుకోండి, ఆరింటికి 48 నిమిషాలు, అంటే 8 జీబీ పైనే. నేను 20 జీబీ ఖాళీ పెట్టుకుంటా.

పొద్దున్న రికార్డ్ నొక్కే ముందు ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, మనకి పొద్దున తొమ్మిది అంటే అమ్మకి భోజనమయ్యాక వాట్సాప్ కాల్ చేసే టైము. హీటర్ ఆపండి, ఫ్రిజ్ రొద పెడుతుంటే అదీ ఆపండి, కానీ ఆపినప్పుడు కారు తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి, బయటికెళ్లేటప్పుడు తాళాల కోసం తెరిస్తే మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది. వెనకాల గట్టు మీద మీ అడ్రస్ ఉన్న పార్సెల్ డబ్బా గానీ, ఉత్తరాలు గానీ ఉంటే తీసేయండి, మెయిల్‌బాక్స్ షార్ట్‌లో అపార్ట్‌మెంట్ నంబరు కూడా. లాండ్రీ గదిలో పక్కింటివాళ్లుంటే వాళ్లు వెళ్లేదాకా ఆగండి. ఎఫ్-1, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఛానెల్‌లో డబ్బులు వచ్చే ఏర్పాటు చేసుకునే ముందు లాయర్‌ని అడగండి, ఇది వేరే పెద్ద కథ.

ఇంకొకటి, ఒక్కో షార్ట్ అవ్వగానే మనిషి లేకుండా చేతులూ వస్తువూ మాత్రమే దగ్గరగా పది సెకన్లు తీయండి, ఎడిటింగ్‌లో అతుకు వేయడానికి అదే దిక్కు. ఆరూ అయిపోయాక చొక్కాలు మాత్రం అప్పుడే ఉతుక్కి వేయొద్దు. ఫైళ్లన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఒక్కోటీ చివరిదాకా చూశాకే వేయండి. నాలుగో షార్ట్‌లో ఒక్క వాక్యం పోయిందని ఆదివారం పొద్దున తెలిస్తే, ఆ నీలం చొక్కా తడిగా డ్రయ్యర్లో తిరుగుతూ ఉండకూడదు.