ఓఎంఆర్ షీట్ మీద పెన్ను పెట్టే ముందు

చిన్నీ,

తప్పు బబుల్ నింపితే దిద్దుకోవచ్చా అని అడిగావట, మీ అమ్మ చెప్పింది. ఇన్విజిలేటర్‌గా చాలా ఏళ్లు పరీక్ష హాళ్లలో తిరిగినవాణ్ణి కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ముందు నీ పరీక్ష పెన్నుతోనా, పెన్సిల్‌తోనా అన్నది సూచనల పేజీలో చూసుకో. పెన్సిల్ అయితే మెత్తటి రబ్బరుతో మొత్తం చెరిపి, పొడి దులిపి, కొత్త బబుల్ నింపవచ్చు. సగం చెరిపితే మాత్రం మిగిలిన మసక కూడా ఒక గుర్తుగా పడే ప్రమాదముంది. బాల్ పాయింట్ పెన్ను అయితే సాధారణంగా దిద్దడానికి వీల్లేదు. ఒకసారి నల్లగా నింపావంటే అదే నీ జవాబు.

ఎందుకంటే ఈ షీట్లను పరిశీలించే మిషన్ అక్షరాలు చదవదు. కాగితం మీద వెలుతురు వేసి, ఏ బబుల్ దగ్గర వెలుతురు తక్కువగా తిరిగొస్తుందో చూస్తుంది. తెల్ల కాగితం వెలుతురును తిప్పికొడుతుంది, నల్ల సిరా పీల్చేస్తుంది. అందుకే టిక్కు పెట్టినా, ఇంటూ కొట్టినా, మధ్యలో చుక్క పెట్టి వదిలేసినా చాలినంత నలుపు కనపడక ఖాళీగా లెక్కపడవచ్చు. బబుల్ అంచు దాకా, లోపల తెలుపు లేకుండా నింపు. గీత కొద్దిగా బయటికి వెళ్తే కంగారు పడకు. పక్క బబుల్‌లోకి పోకుండా ఉంటే చాలు. జెల్ పెన్ను వద్దంటారు చూడు, సిరా ఆరకముందే చెయ్యి తగిలి పక్క బబుల్ మీదికి మరక పాకుతుంది. షీట్ అంచున వరసగా ఉండే చిన్న నల్ల గీతల జోలికి అసలు పోకు. ఏ వరస ఎక్కడుందో మిషన్ వాటిని బట్టే పోల్చుకుంటుంది. అక్కడ రఫ్ వర్క్ చేసినా, మడత పెట్టినా వరసలు తప్పిపోవచ్చు.

ఒకే ప్రశ్నకు రెండు బబుల్స్ నింపితే, అందులో ఒకటి సరైనదే అయినా మార్కు రాదు. కొన్ని పరీక్షల్లో దాన్ని తప్పు జవాబుగా లెక్కగట్టి మార్కు కోస్తారు, కొన్నింట్లో సున్నా వేసి వదిలేస్తారు. వైట్‌నర్, బ్లేడు, తడి వేలు మూడింటినీ మరచిపో. వైట్‌నర్ పెచ్చులు లేస్తుంది, పైగా షీట్ తారుమారు చేశారన్న అనుమానం తెస్తుంది. గీకితే కాగితం పలచబడి చిరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా చూసిన పొరపాటు వేరే ఉంది. ఒకసారి నా హాల్లో ఒకమ్మాయి 37వ ప్రశ్న తర్వాత చూద్దామని వదిలేసింది. షీట్‌లో మాత్రం ఆ వరస వదలడం మరచి 38 జవాబును 37 దగ్గర నింపింది. అలాగే పోతూ 45వ ప్రశ్న జవాబును 44 దగ్గర నింపాక చూసుకుంది. ముఖం పాలిపోయింది. తడి వేలితో రుద్దబోతుంటే ఆపాను. కొత్త షీట్ అడిగింది, మా నిబంధనలు ఒప్పుకోలేదు.

అలాంటప్పుడు చెడేది 37 నుంచి 44 దాకా ఎనిమిది వరసలే. 45వ వరస ఇంకా ఖాళీగానే ఉంది కదా, 45 జవాబును అక్కడ నింపి ముందుకు సాగాలి. ఆ ఎనిమిదిలోనూ అన్నీ పోవు. 40కీ 41కీ రెండో ఆప్షనే జవాబు అనుకో, 40 దగ్గర పడిన 41 జవాబు కూడా సరైనదే అవుతుంది. ఆ అమ్మాయికి అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. పది నిమిషాలు ఏడుస్తూ కూర్చుంది, చివరి ప్రశ్నలు చదవనేలేదు.

అందుకే ప్రశ్న వదిలిన ప్రతిసారీ బుక్‌లెట్‌లో ఆ నంబరు చుట్టూ గీత చుట్టు. తర్వాత నింపే ముందు ప్రశ్న నంబరూ, షీట్ నంబరూ రెండూ మనసులో పలుకు. ఐదేసి ప్రశ్నలకోసారి సరిచూసుకో. చివర్లో ఒకేసారి నింపుదామని జవాబులన్నీ బుక్‌లెట్‌లో ఉంచుకోకు, బెల్ కొట్టాక ఒక్క బబుల్ కూడా నింపనివ్వరు.

హాల్ టికెట్ నంబరు ముందు గడుల్లో అంకెల్లో రాసి, తర్వాత ఒక్కో అంకె కింద నిలువు వరసలో బబుల్ నింపు. కొన్ని షీట్లలో సున్నా పైన ఉంటుంది, కొన్నింట్లో తొమ్మిది తర్వాత అన్నిటికంటే కింద ఉంటుంది, చూసి నింపు. బుక్‌లెట్ కోడ్ కూడా బుక్‌లెట్ మీద చూసి నింపాలి. వీటిలో పొరపాటు జరిగితే మాత్రం నువ్వు దిద్దకు. వెంటనే చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌ని పిలువు. ఏం చేయవచ్చో వాళ్లే నిబంధనలు చూసి చెప్తారు.

మీ పెదనాన్న