‘నీటి సరఫరా నిలుపుదల చేయబడును’ అనాలా, ‘నీళ్లు రావు’ అనాలా?

సందేహం: మా అపార్ట్‌మెంట్ సంఘం బోర్డులో పెట్టిన నోటీసు ఇది.

“ఇందుమూలముగా యావన్మంది సభ్యులకు తెలియజేయునది ఏమనగా, జూన్ 14 ఆదివారం నాడు ఓవర్‌హెడ్ ట్యాంకులు శుభ్రపరచు కార్యక్రమము చేపట్టబడుచున్నందున ఉదయం 9 గం. నుండి సాయంత్రం 4 గం. వరకు నీటి సరఫరా నిలుపుదల చేయబడును. కావున సభ్యులు తగు జాగ్రత్తలు తీసుకొని సహకరించగలరు. అసౌకర్యమునకు చింతించుచున్నాము. మే మాసపు నిర్వహణ రుసుము చెల్లించని వారు తక్షణమే చెల్లించవలయును. లేనియెడల తగు చర్యలు తీసుకొనబడును. ఇట్లు, కార్యదర్శి.”

కోర్టు కాగితంలా ఉందని చాలామంది నొచ్చుకున్నారు. ఇకమీదట రాసే పని నాకు అప్పగించారు. ఇందులో తప్పేమిటి? వాడుక మాటల్లో రాస్తే నోటీసుకు గౌరవం తగ్గదా?

సమాధానం: వ్యాకరణం దృష్టితో చూస్తే ఇందులో పెద్ద తప్పేమీ లేదు. చిక్కంతా వాక్యాల్లో మనుషులు కనబడకపోవడం దగ్గర ఉంది. నీళ్లు ఆపేది ఎవరు, ట్యాంకులు కడిగేది ఎవరు, చర్యలు తీసుకునేది ఎవరు? ‘చేపట్టబడుచున్నందున’, ‘చేయబడును’, ‘తీసుకొనబడును’ అన్న మూడు క్రియలూ ఆ సంగతి చెప్పవు. రోజూ లిఫ్ట్‌లో ఎదురయ్యే మనిషే ఈ నోటీసు రాశాడని తెలిసినా, చదువుతున్నప్పుడు ఎక్కడో పైనున్న అధికారి ఆజ్ఞ ఇచ్చినట్టు తోచేది అందుకే.

ఈ ‘బడు’ వాక్యాలు మన నోటి తెలుగులోవి కావు. ఆఫీసుల్లో ఇంగ్లీషు ఉత్తర్వులను మాటకు మాట దించుకుంటూ వచ్చినప్పుడు బలపడ్డాయి. ‘నాకు అన్నం పెట్టబడింది’ అని ఏ ఇంట్లోనూ వినబడదు. కనబడు, వినబడు లాంటివి వేరు, అవి ఎప్పటినుంచో మాటల్లో కలిసిపోయినవి. కర్తను చెప్పనక్కర్లేని చోట తెలుగుకు తనవైన దారులు మూడున్నాయి. మీ నోటీసుకు ఆ మూడూ పనికొస్తాయి.

మొదటిది, కర్త లేకుండా బహువచన క్రియ వాడడం. ‘ఆదివారం ట్యాంకులు కడుగుతారు’ అంటే చాలు. కడిగేవాళ్లు పనివాళ్లని అందరికీ తెలుసు, వాళ్లెవరన్నది ఎవరికీ అవసరం లేదు. ‘శుభ్రపరచు కార్యక్రమము చేపట్టబడుచున్నది’ అన్న మూడు మాటల బరువును ఆ ఒక్క క్రియ మోస్తుంది.

రెండోది, అకర్మక క్రియ. ఆపు–ఆగు, జరుపు–జరుగు, మార్చు–మారు అని తెలుగులో జంటలున్నాయి. ‘సమావేశం నిర్వహించబడును’కు బదులు ‘సమావేశం జరుగుతుంది’, ‘సమయం మార్చబడినది’కి బదులు ‘సమయం మారింది’ అనవచ్చు. నీళ్ల విషయంలో ఇంకా సూటిగా ‘నీళ్లు రావు’ అంటాం. సంఘం చేసే పనిని కాకుండా ఇంట్లో వాళ్లకు ఎదురయ్యే పరిస్థితిని చెప్పే మాట ఇది. అందుకే నోటీసుకు శీర్షికగా ఇంతకంటే మంచిది దొరకదు. ఇక్కడ ఒక జాగ్రత్త: ‘నీళ్లు’ బహువచనం, కనుక ‘రావు’, ‘వస్తాయి’ అనాలి. ‘నీరు’ అంటే ‘రాదు’, ‘వస్తుంది’. ‘నీళ్లు రాదు’ అని రాసిన నోటీసులు తరచుగా కనబడుతుంటాయి.

మూడోది, ‘మేం’ అని బాధ్యత ఒప్పుకోవడం. ‘9 గంటలకు నీళ్లు ఆపుతున్నాం, 4 గంటలకు వదులుతాం.’ ఎదుటివారికి ఇబ్బంది కలిగించే పని దగ్గర ఈ రూపమే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆపింది మేమే, తిరిగి వదలాల్సిందీ మేమే అని ఒప్పుకున్న మనిషితో మాట్లాడడం తేలిక. ‘పునరుద్ధరించబడును’ అన్నప్పుడు నాలుగున్నరైనా నీళ్లు రాకపోతే ఎవరిని అడగాలో తోచదు.

దీనికి ఆనుకునే మన, మా అన్న తేడా ఉంది. వినేవాళ్లను కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేం’. ట్యాంకులు అందరివీ కాబట్టి ‘మన ట్యాంకులు’ అనాలి. ‘మా ట్యాంకులు’ అంటే సంఘం వేరు, ఇళ్లవాళ్లు వేరు అయిపోతారు. అలాగని అన్నిచోట్లా ‘మనం’ పెట్టకూడదు. ‘ఆదివారం మనం ట్యాంకులు కడుగుతున్నాం’ అని రాస్తే, అందరూ చీపుళ్లు పట్టుకుని పైకి రావాలేమో అనుకునే వీలుంది. ఆస్తికి ‘మన’, సంఘం చేసే పనికి ‘మేం’ అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. ‘ఆపుతున్నాం’ రెంటికీ ఒకే రూపం కనుక, అనుమానం వచ్చే చోట సర్వనామం పైకి రాయండి.

ఇక ‘సహకరించగలరు’. ‘గల’కు ఇప్పటి వాడుకలో శక్తి అన్నదే అర్థం. ‘ఆయన ఈదగలరు’ అంటే ఈత వచ్చని. పాత గ్రాంథికంలో భవిష్యత్తును చెప్పడానికీ ఇది వాడేవారు కాబట్టి శుద్ధ తప్పని కొట్టెయ్యను. కానీ ‘గమనించగలరు’, ‘చెల్లించగలరు’ అన్నప్పుడు అది అభ్యర్థనో, ఆజ్ఞో, జోస్యమో తేలదు. తెలుగు మర్యాద క్రియ చివర ‘అండి’లో ఉంది: ‘సహకరించండి’. దానికి ‘దయచేసి’ నోటీసు మొత్తంలో ఒక్కసారి చేరిస్తే చాలు. వాక్యానికొకటి పెడితే మాట విసుగ్గా వినబడుతుంది. ‘కట్టేయాలి’, ‘ఉంచాలి’ అన్న ‘ఆలి’ రూపాన్ని అందరికీ వర్తించే నియమాలకు దాచుకోండి. ‘పోయరాదు’కు ‘పోయకండి’ మర్యాదైన మాట. ‘పోయొద్దు’ చనువున్న చోట బాగుంటుంది గానీ బోర్డు మీద కాస్త కటువు.

నిజానికి ఈ నోటీసులో అన్నిటికంటే పెద్ద లోటు ‘తగు జాగ్రత్తలు’. అది ఆప్యాయత లేని పొడి మాట కావడం ఒకటైతే, అసలు అందులో విషయమే లేదు. ఏం చెయ్యాలో రాసేవారికి తెలుసు, చదివేవారికి మాత్రం చెప్పలేదు. దాన్ని విప్పి చూస్తే మూడు పనులు తేలతాయి. ముందురోజు రాత్రి నీళ్లు పట్టి ఉంచుకోవాలి. నీళ్లు రాని వేళ తిప్పి చూసిన ట్యాపును అలాగే వదిలేసి బయటికి వెళితే, నాలుగింటికి నీళ్లు వచ్చి ఇల్లు మునుగుతుంది, కొత్తగా నిండిన ట్యాంకూ ఖాళీ అవుతుంది; అందుకని ట్యాపులు కట్టేయాలి. గీజర్ ఆపి ఉంచాలి. ఇవి రాశాక ‘తగు’ అన్న మాట అవసరం ఉండదు. ‘పట్టి ఉంచుకోండి’లోని ‘కో’ను వదలకండి. ‘పట్టి ఉంచండి’ అంటే ఎవరికోసమో పట్టమన్నట్టు, ‘ఉంచుకోండి’ అంటే మీకోసమే అని. మర్యాద ఇలాంటి చిన్న ప్రత్యయాల్లో ఉంటుంది.

‘తగు చర్యలు’ కూడా ఇదే జాతి. సంఘం ఏ చర్యా నిర్ణయించుకోకుండా ఈ మాట రాస్తే అది ఉత్త బెదిరింపు, రెండు నెలలకు దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. ఆలస్య రుసుము వెయ్యాలని సర్వసభ్య సమావేశం తీర్మానించి ఉంటే, ఎంతో, ఏ తేదీ నుంచో సూటిగా చెప్పండి. లేకపోతే ఆ వాక్యం తీసెయ్యండి. అసలు బకాయిల మాట నీళ్ల నోటీసులో ఉండకూడదు. కట్టినవారి ఇంట్లోనూ నీళ్లు రావు కదా. వాళ్లు కూడా ఈ గద్దింపు చదవాల్సి వస్తోంది. దాన్ని విడిగా, వీలైతే కట్టనివారికే పంపండి: ‘మీ ఫ్లాట్ మే నెల మెయింటెనెన్స్ ఇంకా అందలేదు. ఈ నెల 20లోగా కట్టండి. ఇప్పటికే కట్టి ఉంటే రసీదు చూపించండి, లెక్క సరిచేసుకుంటాం.’ పొరపాటు తమవైపూ ఉండవచ్చని ఒప్పుకునే ఆ చివరి వాక్యం వల్ల ఎవరూ నొచ్చుకోరు.

‘సభ్యులు’ అన్న పిలుపు అద్దెకున్నవాళ్లను వదిలేస్తుంది. నీళ్లు అందరికీ కావాలి కాబట్టి ‘ఉంటున్న అందరికీ’ అనండి. ‘నిర్వహణ రుసుము’ను ఇళ్లలో ఎవరూ అలా అనరు, మెయింటెనెన్స్ అంటారు, అదే రాయండి. నల్లా, కుళాయి, పంపు అని ప్రాంతానికొక మాట ఉన్న చోట, అన్ని ఊళ్లవాళ్లూ ఉండే అపార్ట్‌మెంట్‌లో ‘ట్యాప్’ అంటే తగవుండదు. ‘చింతిస్తున్నాము’ ఇంగ్లీషు నోటీసులోంచి దిగిన మాట. మనం ఒకరికి ఇబ్బంది కలిగిస్తే మన్నించమని అడుగుతాం.

ఇవన్నీ కూర్చి రాస్తే ఇలా ఉంటుంది:

“జూన్ 14 ఆదివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు నీళ్లు రావు

మన అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న అందరికీ నమస్కారం.

ఆ రోజు మన పై ట్యాంకులు కడుగుతారు. అందుకని ఉదయం 9 గంటలకు నీళ్లు ఆపుతున్నాం, సాయంత్రం 4 గంటలకు మళ్లీ వదులుతాం. పని ఆలస్యమయ్యేలా ఉంటే మూడున్నరకల్లా గ్రూపులో చెబుతాం.

దయచేసి శనివారం రాత్రే మీకు కావలసిన నీళ్లు పట్టి ఉంచుకోండి. ఆదివారం నీళ్లు రాని వేళ ట్యాపులన్నీ కట్టేయండి, గీజర్ స్విచ్ ఆపి ఉంచండి. తిరిగి వదిలాక మొదట వచ్చే నీళ్లు మురికిగా ఉండవచ్చు. తేటపడేదాకా తాగడానికి, వంటకు పట్టుకోకండి.

పసిపిల్లలు, మంచాన ఉన్నవారు ఉన్న ఇళ్లకు మధ్యలో నీళ్లు కావలసివస్తే వాచ్‌మన్‌కు చెప్పండి, సంపులోంచి తెప్పించి ఇస్తాం.

ఈ ఇబ్బందికి మన్నించండి.

(పేరు), కార్యదర్శి, (ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు)”

పాత నోటీసు కంటే ఇది పొడుగే. కానీ ఆదివారం ఫోన్లో అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ఇందులో ఉన్నాయి. తేదీ, వేళ శీర్షికలోనే ఉండడం వల్ల సెల్‌ఫోన్‌లో మొదటి వరుస మాత్రం చూసినవారికీ విషయం తెలుస్తుంది. ‘ఇందుమూలముగా… ఏమనగా’తో మొదలుపెడితే ఆ వరుస వృథా అవుతుంది.

గౌరవం తగ్గుతుందేమోనన్న మీ అనుమానానికి: నోటీసుకు గౌరవం తెచ్చేవి తేదీ, వేళ, సంతకం, చెప్పినట్టు జరగడం. మీ పాత నోటీసులో పేరు లేదు, ఫోన్ లేదు. సంఘం పనుల్లో పారిభాషిక పదాలు తప్పని కాగితాలు కొన్ని ఉంటాయి. నియమావళిలోని కోరం, తీర్మానం, సర్వసభ్య సమావేశం లాంటివి అలాగే ఉంచండి; వాటికి కచ్చితమైన అర్థం ఉంది, మారిస్తే తగాదాలు వస్తాయి. అక్కడైనా మార్చాల్సింది క్రియలనే: ‘కోరం లేనియెడల సమావేశము వాయిదా వేయబడును’ అన్నదాన్ని ‘కోరం లేకపోతే సమావేశం వాయిదా పడుతుంది’ అని రాసినా నియమంలో వెంట్రుకవాసి తేడా రాదు.