వెనుక వరుసకు కనబడాలి, అర్థమూ నిలవాలి: స్లైడు కుదింపు గురించి

ప్రశ్న: నా స్లైడ్లలో ఒక్కోదానిలో పెద్ద పేరాలు ఉన్నాయి. వాటిని పెద్ద హాల్లో తెర మీద చూపించాలి. అర్థం చెడకుండా చిన్న లైన్లుగా ఎలా మార్చుకోవాలి? స్లైడుకు ఆరు లైన్లు, లైనుకు ఆరు పదాలు అంటుంటారు, అది సరిపోతుందా?

శిక్షణ తరగతులకూ సదస్సులకూ ఇతరులు తయారుచేసిన స్లైడ్లను తిరగరాసే పని చాలాకాలంగా చేస్తున్నాను. ఆరు లైన్లు, ఆరు పదాలు అన్న నియమాన్ని నేను ఎన్నడూ పాటించలేదు, పాటించమని ఎవరికీ చెప్పను. తెలుగులో "తలుపు" ఒక పదమే, "తెరవవలసివచ్చినప్పటికీ" కూడా ఒక పదమే. రెండో దానికి తెర మీద మూడు రెట్లకు పైగా వెడల్పు కావాలి. పదాలు లెక్కపెట్టి కుదించేవారు చేసేది సాధారణంగా ఒకటే: విభక్తులనూ క్రియలనూ తీసేసి నామవాచకాలను గుదిగుచ్చుతారు. లెక్క సరిపోతుంది, అర్థం మాత్రం చదివేవారి ఊహకు మిగులుతుంది.

ముందుగా ఎంత చోటు ఉందో తెలుసుకోవాలి. దీనికి హాలుకు వెళ్ళనక్కరలేదు. తెర ఎత్తు ఎంతో, చివరి వరుస ఎంత దూరంలో ఉందో నిర్వాహకులను అడగండి. తెర 3 మీటర్ల ఎత్తు, చివరి వరుస 30 మీటర్ల దూరం అనుకుందాం. అంటే అక్కడ కూర్చున్నవారు తెర ఎత్తుకు పది రెట్ల దూరంలో ఉన్నారు. మీ ల్యాప్‌టాప్‌లో స్లైడును పూర్తి తెరకు పెట్టి, కనిపించే స్లైడు ఎత్తును స్కేలుతో కొలవండి. అది 19 సెంటీమీటర్లు ఉంటే 1 మీటరు 90 సెంటీమీటర్ల దూరంలో నిలబడి చదవండి. చివరి వరుసవారి కంటికి అక్షరం ఎంత చిన్నదిగా కనిపిస్తుందో మీకూ సరిగ్గా అంతే కనిపిస్తుంది. నిజానికి మీ స్థితి వారి కన్నా మెరుగు, ఎందుకంటే మీ గదిలో తెర మీద పడి రంగును వెలిసినట్టు చేసే హాలు దీపాలు లేవు, ముందు కూర్చున్నవారి తలలు అడ్డం రావు. అందుకే ఇక్కడ శ్రమపడి చదవగలిగినది అక్కడ చదవలేరని లెక్క వేసుకోవాలి, స్లైడు అడుగున అయిదో వంతును ఖాళీగా వదిలేయాలి.

పవర్‌పాయింట్‌లో మామూలు స్లైడు ఎత్తు 7.5 అంగుళాలు, అంటే 540 పాయింట్లు. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక 40 పాయింట్ల అక్షరంతో రాసిన ఒక్కో లైను, ఫాంటును బట్టి, 60 పాయింట్లు లేదా అంతకన్నా ఎక్కువే ఆక్రమిస్తుంది. శీర్షిక, అడుగున ఖాళీ, అంచులు తీసేస్తే మిగిలేది నాలుగు లైన్లకు చోటు. పైగా వత్తు అసలు అక్షరం కన్నా చిన్నది. దూరం నుంచి మొదట చెదిరిపోయేది అదే. కాబట్టి ఇంగ్లీషు స్లైడుకు సరిపోయిన అక్షర పరిమాణం తెలుగుకు సరిపోతుందని అనుకోకూడదు.

ఇక అర్థం సంగతి. టీకాల నిల్వ గురించిన ఒక శిక్షణలో ఈ పేరా ఒకే స్లైడు మీద ఉండేది:

"టీకాల నిల్వ విషయంలో సిబ్బంది ప్రత్యేకంగా గమనించదగిన అంశం ఏమిటంటే, ఆరోగ్య కేంద్రాల స్థాయిలో టీకాలను 2-8 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతల మధ్య ఉంచవలసి ఉంటుంది. హెపటైటిస్ బి, పెంటావాలెంట్, ధనుర్వాతం టీకాల వంటివి గడ్డకట్టినట్లయితే వాటిలోని అల్యూమినియం లవణపు రేణువులు ముద్దకట్టి టీకా తన శక్తిని కోల్పోతుంది కనుక అటువంటి వాటిని తిరిగి కరిగిన తర్వాత సైతం వినియోగించరాదు. ఉష్ణోగ్రతను ప్రతిదినం రెండు పర్యాయాలు నమోదు చేయడంతోపాటు విద్యుత్ సరఫరాలో అంతరాయం ఏర్పడిన సందర్భంలో రిఫ్రిజిరేటర్ తలుపును తెరవకుండా ఉండవలసి ఉంటుంది."

నిర్వాహకుల తరఫున ఒకాయన దీన్ని అప్పటికే కుదించి, ఎంతో సంతృప్తితో తెర మీద పెట్టించారు. ఆయన రాసిన లైన్లు ఇవి: "నిల్వ: 2-8 డిగ్రీలు", "గడ్డకట్టిన టీకాల పారవేత", "ఉష్ణోగ్రత నమోదు", "విద్యుత్ అంతరాయం: తలుపు జాగ్రత్త". చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. వక్త ఆ స్లైడు దగ్గర ఇంకా మాట్లాడుతుండగానే వెనుక నుంచి ఒకావిడ లేచి, "సార్, పోలియో చుక్కలు గడ్డకట్టి వస్తే అవి కూడా పారేయాలా?" అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. పెద్ద నిల్వ కేంద్రాల్లో పోలియో చుక్కల మందును గడ్డకట్టించే ఉంచుతారు. గడ్డకట్టి కరగడం వల్ల దానికి నష్టం లేదు. అసలు పేరాలో ఏయే టీకాలు గడ్డకడితే చెడిపోతాయో పేర్లతో ఉంది. కుదింపులో ఆ పేర్లు ఎగిరిపోయి, కొన్నింటికి చెందిన నియమం అన్నింటికీ అంటుకుంది. వక్త నోటితో సరిదిద్దారు కానీ, అప్పటికే సగం మంది స్లైడును ఫోనులో ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటోలో సవరణ ఉండదు.

ఆ నాలుగు లైన్లలో మరో లోపం కూడా ఉంది, అది ఇంకా సాధారణమైనది. తెలుగు వాక్యంలో చేయాలా, చేయవచ్చా, చేయరాదా అన్నది చివరి క్రియలోనే తేలుతుంది. క్రియను కోసేస్తే ఆదేశమే పోతుంది. "ఉష్ణోగ్రత నమోదు" అంటే నమోదు చేయాలనా, నమోదు చేస్తున్నారనా? ఎన్నిసార్లు? "తలుపు జాగ్రత్త" అంటే తెరవకూడదని ఎవరికైనా తోస్తుందా? అందుకే నేను క్రియను చివరి దాకా కాపాడతాను, మిగతావాటినే కోస్తాను.

నేను కోసే క్రమం ఇది. ముందుగా "గమనించదగిన అంశం ఏమిటంటే" వంటి ప్రవేశ వాక్యాలు పోతాయి, వాటికి ఎవరూ కన్నీరు కార్చరు. తర్వాత బరువైన మాటలకు బదులు తేలికైనవి వస్తాయి: "రెండు పర్యాయాలు నమోదు చేయడం" కాస్తా "రెండుసార్లు రాయాలి" అవుతుంది, "విద్యుత్ సరఫరాలో అంతరాయం ఏర్పడిన సందర్భంలో" కాస్తా "కరెంటు పోతే" అవుతుంది. ఈ రెండు పనులతోనే పేరా గణనీయంగా తగ్గిపోతుంది, అర్థానికి చీమ కుట్టినంత హాని కూడా జరగదు. మూడోది కారణం. అల్యూమినియం లవణపు రేణువులు ముద్దకట్టడం అనేది ఎందుకు వాడకూడదో చెబుతుంది. దాన్ని వక్త నోటికి అప్పగించి, స్లైడు కింద నోట్స్ భాగంలో పెడతాను. కారణం నోటితో చెప్పినా సరిపోతుంది, షరతు మాత్రం తెర మీదే ఉండాలి. ఏవి, ఎప్పుడు, ఎంత వరకు, ఏది మినహా అనే మాటలను మొదటే ఎర్ర సిరాతో చుట్టి, కోత అయ్యాక అవన్నీ మిగిలాయో లేదో సరిచూస్తాను.

అలా చేసి చూస్తే ఆ పేరాలో రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయని తేలింది, కనుక దాన్ని రెండు స్లైడ్లు చేశాను. మొదటి దాని శీర్షిక "టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి". కింద రెండే లైన్లు: "ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు రాయాలి", "కరెంటు పోతే తలుపు తెరవరాదు". అంకెల మధ్య గీత తీసేసి "నుంచి" అని పెట్టడానికి కారణం ఉంది. సున్నాకు దిగువ ఉష్ణోగ్రతలు కూడా చర్చకు వచ్చే చోట, దూరం నుంచి చూసేవారికి 8 ముందున్న గీత ఋణ చిహ్నంలా కనబడుతుంది. రెండో స్లైడు శీర్షిక "ఈ టీకాలు గడ్డకడితే వాడరాదు". దాని కింద "హెపటైటిస్ బి, పెంటావాలెంట్, ధనుర్వాతం", ఆ తర్వాత "తిరిగి కరిగినా పనికిరావు", చివరగా "పోలియో చుక్కలకు ఇది వర్తించదు". ఈ చివరి లైను అసలు పేరాలో లేదు. కుదించడమంటే తగ్గించడం మాత్రమే అనుకునేవారికి ఇది వింతగా తోచవచ్చు కానీ, వాక్యం చిన్నదయ్యే కొద్దీ దాన్ని అతిగా అన్వయించుకునే ప్రమాదం పెరుగుతుంది, ఆ దారిని మూయడానికి ఒక్కోసారి ఒక లైను చేర్చవలసి వస్తుంది. దాన్ని చేర్చే ముందు వక్త ఆమోదం తీసుకున్నాను. విషయం తెలిసినవారిని అడగకుండా ఇలాంటి లైను ఎన్నడూ చేర్చవద్దు.

కుదింపు నిలిచిందో లేదో తేల్చడానికి నేను నమ్మే పరీక్ష ఒక్కటే. అసలు పేరా చూడని ఒకరికి చిన్న లైన్లు మాత్రమే ఇచ్చి, వాటిని పూర్తి వాక్యాలుగా విప్పి చెప్పమనాలి. వారు చెప్పినదాన్ని అసలుతో పోల్చాలి. వారు తక్కువ చెబితే పెద్ద ప్రమాదం లేదు, వక్త పూరించుకుంటారు. అసలులో లేనిది చెప్పారంటే మాత్రం ఆ లైను తిరిగి రాయవలసిందే. "గడ్డకట్టిన టీకాల పారవేత" అన్న లైనును ఈ విధంగా ఒక్కరికి ఇచ్చి ఉన్నా, "అన్ని టీకాలూ పారేయాలి" అని వారు చెప్పి ఉండేవారు, హాల్లో ఆ గందరగోళం వచ్చేది కాదు.

ఇంత చేశాక కూడా పని పాడుచేసేవి రెండున్నాయి. ఒకటి పవర్‌పాయింట్ చేసే ఉపకారం: పాఠ్యం రాసే పెట్టెలో పట్టనంత రాస్తే అది చెప్పకుండా అక్షరాన్ని చిన్నది చేస్తుంది, మీరు 40 అనుకున్నది 28కి దిగిపోతుంది. పెట్టె మీద మౌసు కుడి బటన్ నొక్కి Format Shape తెరిచి, Text Options, Text Box కింద Do not Autofit ఎంచుకోండి. అప్పుడు ఎక్కువ రాసినది పెట్టె దాటి బయటికి వస్తుంది, ఇంకా కోయాలని మీకు తెలుస్తుంది. రెండోది నిర్వాహకుల కోరిక: స్లైడు చూసినవారికి వక్త లేకున్నా అంతా అర్థం కావాలట, తర్వాత అందరికీ పంపించాలట. ఈ కోరికే పేరాలను తెర మీదికి ఎక్కిస్తోందని నా గట్టి అభిప్రాయం. తెర మీద చూపేది ఒక ఫైలుగా, చదువుకోవడానికి ఇచ్చేది మరో ఫైలుగా తయారుచేయండి. అసలు పేరాలను నోట్స్‌లో దాచుకుంటే రెండోది దాదాపు తయారైనట్టే. తెర ఫైలును పీడీఎఫ్‌గా కూడా వెంట ఉంచుకోండి, ఎందుకంటే హాలు కంప్యూటర్లో మీ తెలుగు ఫాంటు లేకపోతే మరో ఫాంటు వచ్చి, మీరు జాగ్రత్తగా విరిచిన లైన్లన్నీ చెదిరిపోతాయి.

నిబంధన పాఠం, ఒప్పంద వాక్యం, శాస్త్ర నిర్వచనం వంటివాటిని మాత్రం ఈ పద్ధతిలో కుదించవద్దు. వాటిలో ప్రతి మాటకూ లెక్క ఉంటుంది. అలాంటివి కాగితం మీద ముద్రించి చేతికివ్వండి. తెర మీద ఆ నిబంధన సంఖ్యనూ, ఆరోజు చర్చించబోయే ఒక్క భాగాన్నీ యథాతథంగా చూపండి.