జాతర వీడియోలో పేరు చదవలేకపోతున్నారా? అవుట్‌లైన్ తీసేయండి

> "జాతర వీడియోలో పేరు తెల్లక్షరాల్లో వేసి నల్ల అవుట్‌లైన్ ఇచ్చాను. అయినా సరిగ్గా కనిపించట్లేదు."

అవుట్‌లైనే కారణం అయ్యుంటుంది. అది తెలుగు అక్షరాల సందులు మూసేస్తుంది. ‘కృష్ణ’లో ణ వత్తు చూడండి, ముద్దలా కనిపిస్తుంది.

1. అవుట్‌లైన్ తీసేసి, కాస్త లావు ఫాంట్ పెట్టండి.
2. అక్షరాల కింద లేయర్‌లో నల్ల గ్రేడియెంట్ వేయండి. ఫ్రేమ్ అడుగున 60 శాతం ఒపాసిటీతో మొదలై, మూడో వంతు ఎత్తుకు సున్నా అవ్వాలి.
3. చాలామంది వదిలేసేది ఇదే: పేరు ఉన్నంతసేపూ క్లిప్ జరిపి చూడండి. అక్షరాల వెనక లైటో, తెల్లచొక్కానో వచ్చే ఫ్రేమ్ దగ్గర ఆగండి. వీడియో శాచురేషన్ సున్నా చేయండి. పేరు అక్కడ కలిసిపోతుంటే, విడిగా కనబడేదాకా ఒపాసిటీ పెంచండి. 75 దాకా వెళ్లినా పర్వాలేదు.
4. శాచురేషన్ మళ్లీ మామూలుకి తెచ్చి, ఫోన్‌లో ఒకసారి చూడండి.