అనుభవం తేదీలు సాగదీస్తే సర్టిఫికెట్ ఏమవుతుంది?

ప్రశ్న: సార్, నేను కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ చేశాను. సెక్యూరిటీ మానిటరింగ్, యాక్సెస్ మేనేజ్‌మెంట్ పనుల్లో మూడున్నరేళ్లుగా ఉన్నాను. చదువుకునేటప్పుడు అదే పనిలో నాలుగు నెలలు ఫుల్‌టైమ్ ఇంటర్న్‌షిప్ కూడా చేశాను. పోయిన నెల సైబర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ అయిన సీఐఎస్‌ఎస్‌పీ పరీక్ష పాసయ్యాను. సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఐదేళ్ల అనుభవం ఉండాలట. మా సీనియర్‌కి ఆ సర్టిఫికెట్ ఉంది. 'చేరిన తేదీ వెనక్కి జరిపి రాసెయ్, నేను ఎండార్స్ చేస్తాను' అంటున్నారు. అలా చేస్తే నిజంగా ఏమవుతుంది?

జవాబు: ముందు మీ లెక్క చూద్దాం, ఎందుకంటే మీకు ఆ అబద్ధంతో పనే లేదు. ఉద్యోగం 42 నెలలు. సంబంధిత డిగ్రీకి, ఈ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఐఎస్‌సీ2 ఒక ఏడాది మినహాయింపు ఇస్తుంది, అంటే 12 నెలలు. ఇంటర్న్‌షిప్‌కి జీతం ఉన్నా లేకపోయినా లెక్కలోకి వస్తుంది, సంస్థ లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ ఉంటే చాలు. అక్కడ మరో 4. మొత్తం 58. కావాల్సింది 60. పరీక్ష పాసయ్యాక ఎండార్స్‌మెంట్, అంటే సర్టిఫికెట్ ఉన్న ఒకరితో మీ అనుభవాన్ని ధ్రువీకరింపజేసుకోవడం, పూర్తి చేయడానికి తొమ్మిది నెలల గడువు ఉంటుంది కాబట్టి, ఇంకో రెండు నెలలు ఇదే పనిలో ఉండి దరఖాస్తు పెడితే సరిపోతుంది. అనుభవం ఈ సర్టిఫికెట్ పరిధిలోని ఎనిమిది డొమైన్లలో, అంటే సెక్యూరిటీ విభాగాల్లో, కనీసం రెండింటిలో ఉండాలన్నది ఇంకో షరతు. మానిటరింగ్ సెక్యూరిటీ ఆపరేషన్స్ కిందికి వస్తుంది, యాక్సెస్ పని మరో డొమైన్ కిందికి. అదీ తీరినట్టే.

ఇక తేదీ జరిపితే ఏమవుతుందో చెబుతాను. కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కి తీస్తారు. అప్పుడు సంస్థ నుంచి చేరిన తేదీతో లెటర్ తెమ్మంటారు. ఫారంలో ఒక తేదీ, లెటర్‌లో ఇంకొకటి ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. చాలామంది ఆడిట్ తప్పించుకుంటే గండం గట్టెక్కినట్టే అనుకుంటారు. అసలు పొరపాటు అక్కడే. సర్టిఫికెట్ వచ్చాక కూడా ఆ తేదీ అబద్ధమే, దాని మీద ఎప్పుడైనా ఫిర్యాదు రావచ్చు.

ఆ ఫిర్యాదు ఎవరు చేయగలరన్నది తెలుసుకోవాల్సిన సంగతి. ఐఎస్‌సీ2 నీతి నియమావళిలో నాలుగు సూత్రాలు ఉన్నాయి. సమాజాన్ని, ప్రజల నమ్మకాన్ని కాపాడటం మొదటిది. నిజాయితీగా, న్యాయంగా, చట్టబద్ధంగా నడుచుకోవడం రెండోది. పని అప్పగించిన వారికి సమర్థంగా సేవ చేయడం మూడోది, వృత్తి గౌరవం నిలపడం నాలుగోది. మూడో సూత్రం మీద ఫిర్యాదు చేసే హక్కు మీ యజమానికో క్లయింటుకో మాత్రమే ఉంటుంది. నాలుగోదాని మీద, ఏదో ఒక వృత్తి నియమావళికి కట్టుబడిన నిపుణులకు ఉంటుంది. మొదటి రెండింటి మీద మాత్రం ఎవరైనా చేయవచ్చు. తప్పుడు తేదీ రెండో సూత్రం కిందికి వస్తుంది. అంటే మీరు ఎప్పుడు చేరారో తెలిసిన పాత సహోద్యోగి ఎవరైనా సరే, ప్రమాణ పత్రంతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే చాలు. మీ వివరణ తీసుకుంటారు, నీతి కమిటీ పరిశీలిస్తుంది, చివరి నిర్ణయం బోర్డుది. సర్టిఫికెట్ రద్దు దాకా వెళ్లవచ్చు.

మీ సీనియర్ సంగతి నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతోంది. ఎండార్స్ చేయడమంటే, తనకు తెలిసినంతవరకు మీరు రాసిన అనుభవం నిజమేనని తన సర్టిఫికెట్‌ను పూచీ పెట్టి చెప్పడం. తెలిసి అబద్ధానికి పూచీ పడితే ఆయనదీ అదే రెండో సూత్రం ఉల్లంఘన. పైగా సభ్యులకు తెలిసిన ఉల్లంఘనను తెలియజేసే బాధ్యత కూడా ఉంటుంది. మీ మీద మంచి మనసుతో అన్నమాటే కావచ్చు, కానీ ఆయన ఏళ్ల కష్టాన్ని రెండు నెలల కోసం పణంగా పెట్టనివ్వకండి. అసలు తేదీలు, ఉద్యోగం, ఇంటర్న్‌షిప్ లెటర్లూ ఆయన ముందు పెట్టి, 60 నెలలు నిండాక ఎండార్స్ చేయమని అడగండి. అప్పటికీ ఆయన వెనకాడితే ఐఎస్‌సీ2 తానే ఎండార్సర్‌గా వ్యవహరించే మార్గం ఉంది.

ఒకవేళ మధ్యలో ఉద్యోగం మారి సెక్యూరిటీ పనికి దూరమైనా పరీక్ష వృథా కాదు. అసోసియేట్ ఆఫ్ ఐఎస్‌సీ2 హోదాలో ఉంటూ అనుభవం పూర్తి చేసుకోవడానికి ఆరేళ్ల సమయం ఇస్తారు. అయితే ఆ హోదాలో ఉన్నవారు పేరు పక్కన సీఐఎస్‌ఎస్‌పీ అని పెట్టుకోకూడదు.

అదే విషయంలో ఈ రెండు నెలలూ మీరూ జాగ్రత్తగా ఉండాలి. పాసైన ఉత్సాహంలో ప్రొఫైల్‌లో పేరు పక్కన ఆ అక్షరాలు ఇప్పటికే చేర్చి ఉంటే ఈ రోజే తీసేయండి. రెజ్యూమెలో 'సీఐఎస్‌ఎస్‌పీ పరీక్ష ఉత్తీర్ణత, ఎండార్స్‌మెంట్ పెండింగ్' అని రాయండి. స్నేహితులు పరీక్షలో ఏం అడిగారని గుచ్చి గుచ్చి అడిగినా ప్రశ్నలు చెప్పకండి. పరీక్ష మొదలుపెట్టే ముందు మీరు ఒప్పుకున్న గోప్యతా ఒప్పందం ఇంకా మీకు వర్తిస్తుంది.