ఇరవై కంపెనీలు, అరవై పేర్లు: మేనల్లుడికి ఉత్తరం

కొరట్టూరు, చెన్నై

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం కోసం రాయాలని నువ్వు పంపిన ఇరవై కంపెనీల జాబితా చూశాను. హ్యుండాయ్, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి పెద్ద పేర్లతో మొదలుపెట్టావు. పేరు పక్కన ఇంకేమీ లేదు. అక్కడ నీ పని ఎవరికి అవసరమో ఒక్కచోటా రాయలేదు. అది రాయందే జాబితా కాదురా.

నువ్వు అంబత్తూరు ఎస్టేట్‌లో నాలుగేళ్లుగా బ్రేక్ హౌసింగుల మెషినింగ్‌లో క్వాలిటీ చూస్తున్నావు. కాస్టింగులో బ్లో హోల్ ఎక్కడ వస్తుందో, కస్టమర్ కంప్లయింట్ వస్తే 8డీ రిపోర్టు ఎలా రాయాలో నీకు తెలుసు. కాబట్టి నీకు కావలసింది బయటి షాపుల నుంచి మెషినింగ్ చేసిన కాస్టింగులు కొనే కంపెనీలు, వాటిలో అలా కొన్న సరుకు నాణ్యత చూసే సప్లయర్ క్వాలిటీ ఉద్యోగం. ముందు నలభై కంపెనీల పేర్లు రాయి. విడిభాగాల తయారీదారుల సంఘం ఏక్మా సభ్యుల జాబితా చూడు, మీ షాపుకొచ్చే ఆడిటర్లు ఇంకెక్కడికి వెళ్తుంటారో అడుగు. తర్వాత ఒక్కో పేరు పక్కన ‘వీళ్లు బయట కొనే ఏ భాగం నాకు తెలుసు?’ అన్నదానికి ఒక్క వాక్యం రాయి. రాయలేకపోతే కొట్టెయ్యి. రెండూ పాడిలోనే ఉన్నా సుందరం ఫాస్టెనర్స్ బోల్టులకు పేరున్న కంపెనీ, బ్రేక్స్ ఇండియా పని నీ పనికి దగ్గర. ఇలా కొట్టేస్తూ పోతే ఇరవై మిగులుతాయి.

మీ షాపు సరుకు కొనే కంపెనీలను మాత్రం చివర్లో పెట్టు. సప్లయర్ మనిషిని తీసుకుంటే గొడవని వాళ్లు వెనకాడతారు, నువ్వు అడిగిన సంగతి మీ యజమాని చెవిన పడుతుంది.

ఇక లోపలి మనుషులు. ఒక కంపెనీతో చెప్తాను, మిగతావి అలాగే చెయ్యి. అశోక్ లేలాండ్ తీసుకో. ప్లాంటు ఎన్నూరులో, కార్పొరేట్ ఆఫీసు గిండీలో. సప్లయర్ క్వాలిటీ వాళ్లు కొన్ని కంపెనీల్లో పర్చేజ్ కింద ఉంటారు, కొన్నిట్లో ప్లాంటు క్వాలిటీ కింద. ఇది తేలకుండా రాస్తే ఉత్తరం తప్పు మనిషి దగ్గర ఆగిపోతుంది. లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ పేజీ తెరిచి, మనుషుల విభాగంలో ‘supplier quality’ అని వెతికి, ఊరు చెన్నై అని పెట్టు. పాత ఉద్యోగ ప్రకటనల్లో ఎవరికి రిపోర్ట్ చెయ్యాలో రాసుంటే అదీ చూడు.

వచ్చినవాళ్లలో మూడు పేర్లు చాలు. ఒకరు, ఈమధ్యే ఆ విభాగం వదిలి వెళ్లిన మనిషి. ఇంకొకరు, నీ పనే అక్కడ చేస్తున్న ఇంజినీరు. మూడోవారు, నీ పైన కూర్చునే మేనేజరు. నీ నాలుగేళ్ల అనుభవానికి డిప్యూటీ మేనేజరో మేనేజరో సరిపోతారు, వైస్ ప్రెసిడెంటు దాకా పోకు. నేను నీ వయసులో ఒక కంపెనీ ప్లాంట్ హెడ్‌కే నేరుగా రాశాను. ఆయన దాన్ని హెచ్ఆర్‌కు పంపారు, అక్కడ అది కాయితాల కట్టలో కలిసిపోయింది. నన్ను తీసుకోగల మేనేజరుకు నా పేరే తెలియలేదు.

హోదా చూసి మోసపోకు. ఒకచోట మేనేజరు కింద ఎనిమిది మంది ఉంటారు, ఇంకోచోట మేనేజరు ఒంటరిగా వెండర్ల దగ్గరికి తిరుగుతుంటాడు. ఆ తేడా వెళ్లిపోయిన మనిషికి బాగా తెలుసు, చెప్పడానికి భయమూ తక్కువ. అందుకే మొదట ఆయన్నే అడుగు: ‘సర్, అంబత్తూరులో బ్రేక్ హౌసింగుల క్వాలిటీ చూస్తున్నాను. అక్కడ సప్లయర్ క్వాలిటీ పర్చేజ్ కిందా, ప్లాంటు కిందా? కాస్టింగులు ఎవరు చూస్తారు?’ అంతే, ఉద్యోగం మాట ఎత్తకు. ఒక్క లైనులో జవాబివ్వగల ప్రశ్నకు జవాబు వస్తుంది. ఆ జవాబు పట్టుకుని ఇంజినీరుతో మాట్లాడు, ఆ తర్వాతే మేనేజరుకు రాయి. ముగ్గురికీ ఒకే రోజు ఒకే మెసేజ్ పంపావో, ఇంజినీరు, మేనేజరు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒకరికొకరు చూపించుకుంటారు.

వారానికి మూడు కంపెనీలు చాలు, ఏడు వారాల్లో ఇరవయ్యీ అవుతాయి. ఎవరికి ఏ తేదీన రాశావో షీటులో పెట్టుకో. పది రోజులకీ జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చెయ్యి, ఆపైన అదే విభాగంలో మరో పేరు వెతుకు. రాసేముందు ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడో లేదో మళ్లీ చూసుకో, మనుషులు మారుతూనే ఉంటారు.

వచ్చే ఆదివారం రా. ఇరవై వద్దు, మొదటి మూడింటికి తొమ్మిది పేర్లు నింపి తీసుకురా. పర్చేజ్‌లో నాతో పనిచేసినవాళ్లెవరైనా అందులో ఉంటే అక్కడికక్కడే ఫోన్ కలుపుతాను.

మీ మామయ్య